గంజాయి కోసం పుట్టని రిసెప్టర్లు

(నల్లగొండలో ఒక ఆదివారం సాయంత్రం కాలేజీ విద్యార్థులు, టీచర్లు, కొందరు తల్లిదండ్రుల ముందు ఫార్మకాలజీ అధ్యాపకుడొకరు చేసిన ప్రసంగం. రికార్డింగు నుంచి రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే, ఫ్యాను చప్పుడు ఎక్కువైతే చెయ్యెత్తండి.

ఈ సభ పెట్టినవాళ్లు పిల్లలతో చీటీల మీద ప్రశ్నలు రాయించి ముందే నాకు పంపారు. అందులో ఒక చీటీ చదువుతాను. పేరు రాయలేదు, మంచి పని చేశాడు. "సార్, గంజాయి అంత చెడ్డదైతే మన ఒంట్లోనే దానికి రిసెప్టర్లు ఎందుకున్నాయి? దేవుడే పెట్టాడు కదా?" (నవ్వులు) నవ్వకండి. ఇదే మాట ఇంగ్లీషులో, హిందీలో, తెలుగులో ఫోన్లలో తెగ తిరుగుతోంది. చెప్పేవాడు రిసెప్టర్లు ఉన్నాయని చెప్పడం వరకు నిజమే చెబుతాడు. ఆ నిజం పక్కనే ఒక అబద్ధాన్ని కూర్చోబెడతాడు. ఈ రోజు ఆ రెండింటినీ విడదీయడమే నా పని. మత్తు తప్పు, చదువుకోండి అని చెప్పడానికి పోలీసు సార్లు మీ కాలేజీకి ఎలాగూ వస్తారు. నేను ఆ చీటీకి జవాబు చెప్పి వెళ్లిపోతాను.

జవాబు ముందే చెప్పేస్తాను. రిసెప్టర్లు ఉన్నాయి. అవి గంజాయి కోసం లేవు. ఆ మొక్క భూమ్మీదికి రాకముందు కోట్ల ఏళ్ల నుంచీ ఉన్నాయి. అవి మన ఒళ్లు తనకోసం తాను తయారుచేసుకునే ఒక పదార్థం కోసం ఉన్నాయి. ఆ పదార్థం ఏ పని చేస్తుందో అర్థమైతే, మొక్కలోని రసాయనం అక్కడ దూరి ఏం పాడుచేస్తుందో మీకే తెలిసిపోతుంది.

మొదట రిసెప్టర్ అంటే ఏమిటో చెప్పుకుందాం. కణం చుట్టూ ఉండే పలుచటి కొవ్వు పొరలో ఇరుక్కుని ఉండే ప్రొటీన్ అది. సగం బయటికి, సగం లోపలికి ఉంటుంది. బయటి వైపు దానికి సరిపోయే పదార్థం వచ్చి అతుక్కుంటే ప్రొటీన్ ఆకారం కొంచెం మారుతుంది, ఆ మార్పుతో కణం లోపల ఏదో ఒక పని మొదలవుతుంది, లేదా ఆగుతుంది. అంతే. అడ్రినలిన్‌కూ అంతే, హిస్టమిన్‌కూ అంతే.

గంజాయిలో మత్తిచ్చే పదార్థం టీహెచ్‌సీ. దాన్ని విడిగా తీసి, దాని నిర్మాణం ఇదీ అని 1964లో తేల్చినవాళ్లు ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలమ్, యెహియెల్ గావోని. నల్లమందు నుంచి మార్ఫిన్‌ను అప్పటికి నూట యాభై ఏళ్ల క్రితమే తీశారు, గంజాయికి మాత్రం ఇంత ఆలస్యమైంది. కారణం, ఇది నూనె లాంటి పదార్థం. స్ఫటికాలుగా గడ్డకట్టదు, పక్కనున్న వాటితో కలిసిపోయి ఉంటుంది, విడదీయడం కష్టం. పరిశోధనకు కావలసిన సరుకు మెషూలమ్‌కు పోలీసుల దగ్గరే దొరికింది. వాళ్లు పట్టుకున్న హషీష్ అయిదు కిలోలు అడిగి తెచ్చుకుని, సంచిలో పెట్టుకుని సిటీ బస్సులో ల్యాబుకు తీసుకెళ్లాడాయన. (నవ్వులు) మన దగ్గర అయితే మధ్యలోనే దింపేసేవారు.

టీహెచ్‌సీ దొరికింది గానీ అది మెదడులో ఎక్కడ పనిచేస్తుందో ఇంకో ఇరవై ఏళ్లు పైగా తెలియలేదు. చాలామంది శాస్త్రవేత్తలు దీనికి రిసెప్టరే లేదనుకున్నారు. కొవ్వులో కరిగే పదార్థం కదా, మెదడు కణాల పొరలో కరిగి ఆ పొరను వదులు చేస్తుంది, మత్తు అందుకే వస్తుంది అనుకున్నారు. ఆ ఆలోచన తప్పని సూచించిన సాక్ష్యం ఒకటి నాకు చాలా ఇష్టం. టీహెచ్‌సీ లాంటి అణువులను కుడి చెయ్యి, ఎడమ చెయ్యి లాగా రెండు రూపాల్లో తయారుచేయొచ్చు. అణువులు అవే, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయంతే. పొరలో కరగడమే పని అయితే రెండూ ఒకేలా మత్తెక్కించాలి. కానీ ఒక రూపమే గట్టిగా పనిచేసింది, రెండోది దాదాపు పనిచేయలేదు. కుడి ఎడమ తేడాను ఇంత గట్టిగా పట్టుకోవడం ప్రొటీన్ లక్షణం. అంటే ఎక్కడో ఒక రిసెప్టర్ ఉంది.

1988లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఆలిన్ హౌలెట్, ఆమె దగ్గర పనిచేస్తున్న విలియమ్ డివేన్ ఆ రిసెప్టర్‌ను ఎలుక మెదడులో పట్టుకున్నారు. టీహెచ్‌సీ కంటే గట్టిగా అతుక్కునే కృత్రిమ పదార్థానికి రేడియోధార్మిక హైడ్రోజన్ గుర్తు తగిలించి, మెదడు పొరల్లో ఎక్కడ అంటుకుంటుందో చూశారు. 1990లో దాని జన్యువును లీసా మట్సుడా బయటపెట్టింది. అదే సీబీ1. మూడేళ్లకు రక్షణ కణాల్లో, అంటే జబ్బులతో పోరాడే తెల్ల కణాల్లో ఇంకొకటి దొరికింది, అది సీబీ2. నేను ఎక్కువగా సీబీ1 గురించే చెబుతాను. ఎందుకంటే మత్తు సంగతంతా దానిదే.

ఇక ఇక్కడ నుంచే అసలు కథ. మెదడు నిండా ఒక రిసెప్టర్ ఉంది. ఆ జాతి రిసెప్టర్లలో మెదడులో అన్నిటికంటే ఎక్కువగా ఉన్నవి ఇవేనని తేలింది. అంత సంఖ్యలో ప్రొటీన్ తయారుచేయడానికి శరీరం బోలెడు శక్తి ఖర్చు పెడుతోంది. ఎవరో ఎప్పుడో హుక్కా పీలుస్తారని పెట్టుకున్న ఖర్చా అది? కాదు. మార్ఫిన్ విషయంలో ఇలాంటి ప్రశ్న ముందే వచ్చింది. మార్ఫిన్‌కు రిసెప్టర్ 1973లో దొరికింది, దానికోసం శరీరమే తయారుచేసుకునే పదార్థం 1975లో దొరికింది. అదే దారిలో మెషూలమ్ బృందం వెతికింది. కసాయివాళ్ల దగ్గర పంది మెదళ్లు తెచ్చి, కొవ్వు పదార్థాలు వేరుచేసి, ఒక్కొక్కటీ సీబీ1కి అతుక్కుంటుందా అని చూస్తూ పోయింది. 1992లో దొరికిందది. సంస్కృతంలోని ఆనందం తీసుకుని ఆనందమైడ్ అని పేరు పెట్టారు. 1995లో ఇంకొకటి దొరికింది, ఇజ్రాయెల్‌లోనూ జపాన్‌లోనూ వేర్వేరుగా. దాని పేరు పొడుగు, అందరూ 2-ఏజీ అంటారు. మెదడులో రోజువారీ పని ఎక్కువగా చేసేది ఈ రెండోదే.

రిసెప్టర్లు, వాటికి అతుక్కునే ఈ రెండు పదార్థాలు, వాటిని తయారుచేసి మళ్లీ ముక్కలు చేసే ఎంజైములు. ఇదంతా కలిపి ఎండోకన్నాబినాయిడ్ వ్యవస్థ అంటారు. పేరు పెద్దది, పని మాత్రం సింపుల్. ఆ పని చూద్దాం.

మెదడులో ఒక నాడీకణం ఇంకో నాడీకణానికి కబురు పంపాలంటే మధ్యలో ఒక సన్నని సందు ఉంటుంది. మన వెంట్రుక మందంలో సుమారు నాలుగు వేల వంతు. ఈ పక్క కణం చివర చిన్న చిన్న సంచుల్లో రసాయనం నింపుకుని సిద్ధంగా ఉంటుంది. కరెంటు వచ్చి తగలగానే కాల్షియం లోపలికి వెళుతుంది, సంచులు పగులుతాయి, రసాయనం సందు దాటి అవతలి కణాన్ని తాకుతుంది. కబురు ఎప్పుడూ ఒకవైపే, ఇటు నుంచి అటు. పుస్తకాల్లో మనం చదివింది ఇదే.

ఇప్పుడు అవతలి కణానికి కబుర్లు మరీ ఎక్కువయ్యాయనుకోండి. అది ఏం చేయాలి? బోరు మోటారు ఒక చోట ఉంటుంది, చివరి మడి ఎక్కడో దూరంగా ఉంటుంది. మడి నిండిందో లేదో మోటారు దగ్గర ఉన్నవాడికి తెలియదు. మడి దగ్గర నిలబడ్డవాడే ఫోన్ చేసి "ఇగ బందు చెయ్" అనాలి. మెదడులో ఆ ఫోన్ పేరే 2-ఏజీ. కబురు అందుకున్న కణంలో కాల్షియం ఎక్కువవుతుంది. అప్పుడు ఒక ఎంజైము ఆ కణం పొరలో ఉన్న కొవ్వు నుంచే ఒక ముక్క కోసి 2-ఏజీని అక్కడికక్కడ తయారుచేస్తుంది. ముందే చేసి సంచుల్లో దాచి పెట్టుకోదు. తయారైన ముక్క సందులో వెనక్కి ప్రయాణం చేసి, పంపిన కణం చివర ఉన్న సీబీ1కి అతుక్కుంటుంది. సీబీ1 అక్కడి కాల్షియం తలుపులు మూయిస్తుంది. కాల్షియం రాకపోతే సంచులు పగలవు. కబుర్లు తగ్గుతాయి.

ఎంతసేపు? కొన్ని పదుల సెకన్లు. ఆ లోపల ఇంకో ఎంజైము వచ్చి 2-ఏజీని ముక్కలు చేసేస్తుంది, మళ్లీ మామూలు. 2001లో అమెరికాలో ఇద్దరి ల్యాబుల్లో, జపాన్‌లో ఒక ల్యాబులో దాదాపు ఒకేసారి ఈ వెనక్కి వెళ్లే కబురును నిరూపించారు. నేను అప్పుడు పాఠం చెబుతున్నాను, పిల్లలకు ఇచ్చిన నోట్సు మార్చాల్సి వచ్చింది. ఇందులో ముఖ్యమైన మాటలు మూడే. ఈ కబురు అవసరమైన చోటే పుడుతుంది, అవసరమైనప్పుడే పుడుతుంది, వెంటనే మాయమవుతుంది. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తాయి.

ఈ ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో ఒక ప్రయోగం చెబుతాను. జర్మనీలో జొవాన్నీ మార్సికానో, బియాట్ లుట్జ్ బృందం చేసింది, 2002లో అచ్చయింది. రెండు రకాల చిట్టెలుకలు. ఒక రకం మామూలువి. రెండో రకంలో సీబీ1 జన్యువు తీసేశారు, అంటే పుట్టుక నుంచే ఆ రిసెప్టర్ లేదు. రెంటికీ ఒక శబ్దం వినిపించి, వెంటనే కాళ్లకు చిన్న కరెంటు షాక్ ఇచ్చారు. మరునాడు శబ్దం ఒక్కటే వినిపిస్తే రెండు రకాలూ కదలకుండా బిగుసుకుపోయాయి. భయం నేర్చుకోవడంలో తేడా లేదు. జాగ్రత్తగా వినండి, తేడా ఇక్కడి నుంచే మొదలు. తర్వాత షాక్ లేకుండా శబ్దం మళ్లీ మళ్లీ వినిపించారు. మామూలు ఎలుకలకు "ఇక ఈ శబ్దంతో ఏమీ కాదు" అని అర్థమైంది, బిగుసుకోవడం తగ్గిపోయింది. సీబీ1 లేనివాటికి ఆ భయం తగ్గలేదు. షాక్ ఆగిపోయినా అవి అలాగే బిగుసుకుపోతూ ఉన్నాయి. మామూలు ఎలుకల మెదడులో, భయాన్ని నడిపే అమిగ్డలా అనే చోట, శబ్దం వినిపిస్తున్నప్పుడు ఆనందమైడ్, 2-ఏజీ రెండూ పెరగడం కూడా చూశారు.

అర్థమైందా? చిన్నప్పుడు ఒక గల్లీలో కుక్క కరిస్తే కొన్నాళ్లు ఆ గల్లీ అంటేనే భయం. కుక్క లేదని తెలిశాక, రోజూ అటే నడిచాక ఆ భయం చల్లారాలి. అలా చల్లారడానికి సీబీ1 కావాలి. మనకు తెలియకుండా మెదడు చేసుకునే పని ఇది. ఎవరూ గంజాయి ముట్టకపోయినా జరిగే పని.

మనుషుల్లో ఇది తెలిసింది ఒక మందు వల్ల, అదీ చేదు అనుభవంగా. గంజాయి తాగితే ఆకలి పెరుగుతుంది కదా, సీబీ1ను మూసేస్తే ఆకలి తగ్గి బరువు తగ్గుతారు అన్న లెక్కతో రిమోనబాంట్ అనే మందు చేశారు. 2006లో యూరప్‌లో అనుమతి వచ్చింది. లెక్క తప్పలేదు, బరువు తగ్గారు. కానీ వాడినవాళ్లలో దిగులు, ఆందోళన పెరిగాయి, ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయి. 2008లో అమ్మకం ఆపేశారు. ఆకలి ఒక్కటే ఆపాలనుకుంటే మెదడంతా ఉన్న ఏర్పాటు ఆగిపోయింది. ఇంకొక్కటి చెప్పి ముందుకు పోతాను, తల్లులు వినండి. తల్లిపాలలో 2-ఏజీ ఉంటుంది. అప్పుడే పుట్టిన చిట్టెలుక పిల్లలకు సీబీ1ను మూసేసే మందు ఇస్తే అవి పాలు తాగడం మానేసి చనిపోయాయి. మొదటి గుక్క తాగడానికే ఆ రిసెప్టర్ కావాలి. చీటీ రాసిన తమ్ముడూ, రిసెప్టర్ ఎందుకుంది అన్నావు కదా. ఇందుకుంది.

ఇప్పుడు మొక్క వైపు వద్దాం. మరి దానిలోని రసాయనం ఇక్కడ ఎలా సరిపోయింది?

ఇక్కడ ఎంతమందికి పత్తి చేను ఉంది? (చేతులెత్తారు) సగం మంది. పత్తి ఆకును వెలుగుకు పెట్టి చూశారా ఎప్పుడైనా? చిన్న చిన్న నల్ల చుక్కలు కనిపిస్తాయి. గింజ కోసినా కనిపిస్తాయి. అవి గ్రంథులు, లోపల గాసిపాల్ అనే పదార్థం ఉంటుంది. పురుగు తినకుండా మొక్క పెట్టుకున్న విషం. బర్రెలు పత్తి చెక్క తిని తట్టుకుంటాయి గానీ కోళ్లకు, పందులకు అది ఎక్కువైతే ప్రమాదం. చైనాలో కొన్ని ఊళ్లలో శుద్ధి చేయని పత్తిగింజల నూనె వండుకుని తిన్న కుటుంబాల్లో పిల్లలు పుట్టడం ఆగిపోయింది. ఏమిటా అని వెతికితే గాసిపాల్ మగవాళ్లలో వీర్యకణాలను తగ్గిస్తోందని తేలింది. తర్వాత దాన్ని మగవాళ్ల కుటుంబ నియంత్రణ మాత్రగా కూడా అక్కడ పరీక్షించారు, వేరే ఇబ్బందులొచ్చి మానేశారు. ఇప్పుడు చెప్పండి. పత్తి మొక్క చైనా రైతులకు పిల్లలు పుట్టకూడదని గాసిపాల్ చేసిందా? మన వీర్యకణాల్లో పత్తి కోసం ఏదైనా చోటు కేటాయించి పెట్టారా? లేదు కదా. మొక్క తన పని తాను చూసుకుంది. దాని రసాయనం మన ఒంట్లో ఎక్కడో తగిలింది.

గంజాయి కథా ఇంతే. ఆడ మొక్క పూల మీద సన్నని వెంట్రుకల్లాంటివి ఉంటాయి, వాటి చివర జిగురు గ్రంథులు. అందులోనే ఇవన్నీ తయారవుతాయి. పురుగుల నుంచి, ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడుకోవడానికని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. పురుగుల నుంచి అన్నాను, ఒక తమాషా చూడండి. పురుగుల్లో సీబీ1 లాంటి రిసెప్టర్ లేనే లేదు. తేనెటీగలో లేదు, ఈగలో లేదు. అంటే మొక్క గురిపెట్టింది సీబీ1కి కాదు. ఇంకో తమాషా. పచ్చి మొక్కలో ఉన్నది నిజానికి టీహెచ్‌సీ కాదు, దాని ఆమ్ల రూపం. అది సీబీ1ని పెద్దగా కదిలించలేదు. నిప్పు తగిలి వేడెక్కితే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ ఊడిపోయి టీహెచ్‌సీ అవుతుంది. మనిషి నిప్పు పెట్టేదాకా ఆ మొక్క దగ్గర మత్తు సరుకు పెద్దగా లేదన్నమాట.

కాలం లెక్క కూడా చూడండి. గంజాయి జాతి, బీరులో వేసే హాప్స్ జాతి ఒకే మూలం నుంచి విడిపోయి సుమారు రెండు కోట్ల ఎనభై లక్షల ఏళ్లు అయిందని అంచనా. సీబీ1 అంతకంటే ఎంతో పాతది. మన పానగల్ ఉదయసముద్రంలో పట్టే రవ్వ, బొచ్చె, అన్ని చేపల్లోనూ ఉంది. వెన్నెముక కూడా లేని కొన్ని సముద్ర జీవుల్లో సైతం దాని బంధువు జన్యువు ఉంది. అంటే యాభై కోట్ల ఏళ్ల పైమాటే. చేప ఎప్పుడు గంజాయి తాగింది? (నవ్వులు)

మరి సరిపోవడం ఎలా అంటే, సీబీ1 లోపల అణువు పట్టే చోటు కొవ్వును ఇష్టపడే గుంట. మన సొంత పదార్థాలు రెండూ కొవ్వు నుంచి పుట్టినవి కాబట్టి అలా ఉంది. టీహెచ్‌సీ కూడా కొవ్వులో కరిగేదే, ఆ గుంటలో ఇమిడే సైజులోనే ఉంది. చూడటానికి ఆనందమైడ్‌కు దీనికి పోలికే లేదు, ఆనందమైడ్ పొడుగ్గా తీగలా ఉంటుంది, టీహెచ్‌సీ ఉంగరాలు ఉంగరాలుగా ఉంటుంది. అయినా ఇమిడింది. ఇది ఎంత యాదృచ్ఛికమో తెలియాలంటే అదే మొక్కలో ఉన్న సీబీడీని చూడండి. రెండింటి ఫార్ములా ఒకటే, C21H30O2. అణువులో ఒక్క ఉంగరం మూసుకుంటే టీహెచ్‌సీ, తెరిచి ఉంటే సీబీడీ. సీబీడీ సీబీ1 గుంటలో సరిగా పట్టదు, మత్తు రాదు. ఈ మొక్కలో ఇలాంటివి వందకు పైగా ఉన్నాయి. సీబీ1ను గట్టిగా కదిలించేవి చాలా తక్కువ. మన కోసమే చేసి ఉంటే ఇన్ని గురితప్పినవి ఎందుకు?

పైగా ఇందులో మన చెయ్యి కూడా ఉంది. లక్షల మొక్కల్లో కొన్నింటి రసాయనాలు మన మెదడులో తగులుతాయి. మనిషి వాటినే గుర్తుపెట్టుకుని, వాటి విత్తనాలే దాచుకుని, ఎక్కువ మత్తు ఉన్నదాన్నే మళ్లీ మళ్లీ విత్తాడు. తగలని వాటి సంగతి ఎవరికీ పట్టదు. అందుకని వెనక్కి చూస్తే మొక్కా మనిషీ ఒకరికోసం ఒకరు పుట్టినట్టు కనిపిస్తుంది.

ఒక్క మాట, న్యాయంగా చెప్పాలి కాబట్టి. మన వంటింట్లోనూ ఈ రిసెప్టర్‌ను తాకే మొక్క పదార్థం ఉంది. మిరియాల్లో, లవంగాల్లో ఉండే బీటా కారియోఫిలిన్ అనే వాసన పదార్థం సీబీ2ను తాకుతుందని 2008లో చూపించారు. సీబీ1ను తాకదు, అందుకే చారు తాగితే ఎవరికీ నిషా ఎక్కదు. రిసెప్టర్‌ను తాకడం అనేది మంచికీ గుర్తు కాదు, చెడుకీ గుర్తు కాదు. ఏ రిసెప్టర్, ఎక్కడ, ఎంతసేపు అన్నదే లెక్క.

ఇప్పుడు ఆ మూడు మాటలు గుర్తు తెచ్చుకోండి. మన 2-ఏజీ అవసరమైన చోటే, అవసరమైనప్పుడే వచ్చి వెంటనే పోతుంది. టీహెచ్‌సీ రక్తంలో వస్తుంది కాబట్టి మెదడులో సీబీ1 ఉన్న ప్రతి చోటికీ ఒకేసారి వెళుతుంది. ఏ మడీ నిండకముందే అన్ని మోటార్లకూ ఫోన్ వెళ్లినట్టు. మన ఎంజైములు దాన్ని త్వరగా ముక్కలు చేయలేవు, గంటల తరబడి ఉంటుంది. ఆ తర్వాత కూడా కొవ్వులో దాక్కుని మెల్లగా బయటికి వస్తుంది. రోజూ తాగేవాడు మానేసిన కొన్ని వారాల తర్వాత కూడా మూత్ర పరీక్షలో అందుకే దొరికిపోతాడు.

తాగినవాడిలో కనిపించేవన్నీ ఏ చోట సీబీ1 ఎక్కువో దాన్ని బట్టే. జ్ఞాపకాలు కట్టే హిప్పోకాంపస్‌లో చాలా ఉన్నాయి. అందుకే మాట మొదలుపెట్టి సగంలో "ఏం చెప్తున్నా?" అంటాడు. వాడి పాత జ్ఞాపకాలు పోలేదు, కొత్తది అచ్చు పడటం లేదు. కదలికలను సరిచూసే చిన్నమెదడులో చాలా ఉన్నాయి, కాబట్టి బండి నడిపితే బ్రేక్ వేయడం ఆలస్యమవుతుంది. ఆకలి నడిపే చోట ఉన్నాయి, ఒక పొట్లం మిర్చి బజ్జీలు చాలవు. ఊపిరి నడిపే మెదడు కాండంలో మాత్రం చాలా తక్కువ. నల్లమందు, హెరాయిన్ ఎక్కువైతే ఊపిరి ఆగి చచ్చిపోతారు, గంజాయితో అలా జరగకపోవడానికి కారణం ఇదే. దీన్నే పట్టుకుని "దీంతో ఎవరూ చావరు" అంటారు. ఊపిరి ఆగదు, అంతవరకే ఆ మాట నిజం. సాగర్ రోడ్డు మీద రాత్రి బైకు నడిపేవాడికి ఆ నిజం అక్కరకు రాదు.

రోజూ తాగితే ఇంకోటి జరుగుతుంది. ఎప్పుడూ మోగుతున్న ఫోన్‌ను మనమేం చేస్తాం, సైలెంట్‌లో పెడతాం. కణాలు కూడా పైపొర మీది సీబీ1 సంఖ్య తగ్గించేస్తాయి. అప్పుడు మత్తు కోసం ఇంకా ఎక్కువ కావాలి. దానికంటే పెద్ద నష్టం, సొంత 2-ఏజీ కబురు పంపినా వినేవాడు తగ్గిపోతాడు. మానేసిన మొదటి వారంలో చిరాకు, నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం అందుకే. మెదడు స్కానులు చేసి చూస్తే సుమారు నాలుగు వారాలు మానేశాక రిసెప్టర్లు తిరిగి మామూలు స్థాయికి దగ్గరగా వచ్చాయి. పెద్దవాళ్లలో చూసిన లెక్క ఇది. పదిహేను, పదహారేళ్ల పిల్లల మెదడులో తీగల అమరిక ఇంకా జరుగుతూ ఉంటుంది, ఆ అమరికలో కూడా సీబీ1కి పని ఉంది. ఆ వయసులో మొదలుపెట్టినవాళ్లకు తర్వాత మానసిక జబ్బుల ముప్పు ఎక్కువగా కనిపిస్తోంది, ఇంట్లో ఎవరికైనా అలాంటి జబ్బు ఉంటే మరీను.

నేను చెప్పదలచింది అయింది. ప్రశ్నలు అడగండి.

(ఒక పెద్దాయన: సార్, మా దిక్కు కల్తీ కల్లు ఆపేస్తే మనుషులు పిచ్చెక్కినట్టు చేస్తరు. అది కూడా ఇదే రిసెప్టరా?)

కాదన్నా, మంచి ప్రశ్న. మన పాలమూరు, నల్లగొండ వైపు కల్లులో కలిపేవి డైజపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్. వాటి దారి వేరు, గాబా అనే రిసెప్టర్ మీద పనిచేస్తాయి. తేడా ఎందుకు తెలియాలంటే, గంజాయి ఒక్కసారిగా మానేస్తే చిరాకు, నిద్రలేమి దాటి ప్రాణం మీదికి రావడం అరుదు. కల్తీ కల్లు ఏళ్లుగా తాగుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, లేనివి కనిపించడం, ఫిట్స్ రావడం జరుగుతుంది, ప్రాణం పోవచ్చు కూడా. అలాంటివాళ్లను ఇంట్లో కట్టేసి ఉంచొద్దు. ఆసుపత్రికి తీసుకెళితే మందు ఇచ్చి మెల్లమెల్లగా డోసు తగ్గిస్తారు.

(ఒక విద్యార్థిని: సార్, సీబీడీ నూనె అన్ని జబ్బులకూ పనిచేస్తుందని అమ్ముతున్నారు కదా?)

గట్టిగా నిరూపణ అయింది చాలా కొంచెం అమ్మా. పిల్లల్లో వచ్చే డ్రావే, లెన్నాక్స్ గస్తా అనే రెండు మొండి మూర్ఛ జబ్బులకు శుద్ధి చేసిన సీబీడీని 2018లో అమెరికాలో అనుమతించారు. అక్కడ డాక్టర్లు పిల్లల బరువును బట్టి డోసు కట్టి, కాలేయ పరీక్షలు చేస్తూ ఇస్తారు. సీసాలో ఎంత ఉందో తెలియని నూనెను నాలుక కింద నాలుగు చుక్కలు వేసుకోవడం వేరు. "మీ ఒంట్లో ఎండోకన్నాబినాయిడ్లు తక్కువయ్యాయి, అందుకే మీకు నొప్పులు" అని ఎవరైనా అంటే, ఏ రక్తపరీక్షతో తేల్చారో అడగండి. డాక్టరు రాసి, ల్యాబులో చేయించుకునే అలాంటి మామూలు పరీక్ష లేదు.

(ఒక తల్లి: సార్, మా బంధువుల అబ్బాయికి మాటిమాటికీ వాంతులు. అన్ని పరీక్షలూ నార్మల్ వచ్చినయి. రోజుకు నాలుగైదు సార్లు వేడినీళ్ల స్నానం చేస్తడు. గంజాయి అలవాటు ఉందంటరు. సంబంధం ఉంటదా?)

ఉంటుందమ్మా, చాలా ఉంటుంది. ఆ వేడినీళ్ల స్నానమే పెద్ద గుర్తు. టీహెచ్‌సీ కొద్దిగా అయితే వాంతులు తగ్గిస్తుంది, క్యాన్సర్ మందుల వల్ల వచ్చే వాంతులకు దాన్ని మందుగా కూడా ఇస్తారు. నెలల తరబడి, ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లలో కొందరికి ఇది తిరగబడుతుంది. పేగుల్లోనూ సీబీ1 ఉంది, దాని పని గాడి తప్పుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, వేడినీళ్లు పోసుకుంటున్నంతసేపు హాయి. 2004లో ఆస్ట్రేలియా డాక్టర్లు దీన్ని మొదట వివరంగా రాశారు. తాగేవాడు వాంతులు తగ్గుతాయని ఇంకా తాగుతాడు, అది ఇంకా ముదురుతుంది. మామూలు వాంతుల మాత్రలు సరిగా పనిచేయవు. గంజాయి పూర్తిగా మానేస్తేనే తగ్గుతుంది, అదీ వారాలు పట్టొచ్చు, మళ్లీ మొదలుపెడితే మళ్లీ వస్తుంది. ఇప్పుడు చూడాల్సింది ఒంట్లో నీళ్లు. మూత్రం బాగా తగ్గినా, నిలబడితే కళ్లు తిరిగినా ఆలస్యం చేయకుండా తీసుకెళ్లి సెలైన్ ఎక్కించండి, లేకపోతే కిడ్నీలు దెబ్బతింటాయి. డాక్టరు దగ్గర గంజాయి సంగతి దాచొద్దు. దాచితే ఇంకో ఎండోస్కోపీ, ఇంకో స్కాను రాస్తారు, అవీ నార్మలే వస్తాయి.